నానమ్మ గది హీటరు గురించి

లీడ్స్
డిసెంబరు 9

అమ్మకు, బాపుకు,

నేను బాగానే ఉన్నాను. పని ఎప్పటిలాగే నడుస్తోంది. ఈ నెల రాత్రి డ్యూటీలు తక్కువ. దగ్గు తగ్గింది, అమ్మ మళ్లీ అడగనవసరం లేదు.

ఆదివారం ఫోనులో అమ్మ మాటల మధ్య అనేసి వెళ్లిపోయింది, నానమ్మ రాత్రిపూట కుంపటి గదిలోకి తెప్పించుకుని తలుపు వేసుకుంటోందని. అప్పుడు ఏమీ అనలేకపోయాను, పక్కన నానమ్మ వింటోంది కదా. బాపూ, ఆ కుంపటి ఈ రాత్రి నుంచే బయట ఉండాలి. మూసిన గదిలో బొగ్గులు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, పొగ కనిపించదు. తలనొప్పి, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు. "మా కాలంలో అందరం కుంపటి పెట్టుకున్నాం" అంటుంది, నాకు తెలుసు. ఆ కాలంలో పైన పెంకులు, వాటి మధ్య సందులు. ఇప్పుడు పైన స్లాబు, కిటికీకి అద్దాలు.

ఇక నువ్వు అడిగిన హీటరు సంగతి. పెద్దన్న రాడ్ల హీటరు చాలంటున్నాడని, కొట్టు అతను ఆయిల్ హీటరు కొనమంటున్నాడని రాశావు. ఈ అటక గదిలో మూడు చలికాలాల్లో నేను ఈ రెండూ, ఫ్యాన్ హీటరూ, మూడూ వాడాను, డబ్బు కూడా పోగొట్టుకున్నాను. కాబట్టి కొంచెం విను.

మొదట ఒక మాట. "ఇది కరెంటు తక్కువ తాగుతుంది, వేడి ఎక్కువ ఇస్తుంది" అని కొట్టులో ఎవరైనా అంటే నమ్మకు. ఈ మూడింటిలోనూ తీగ వేడెక్కడమే ఉంది. ఒక యూనిట్ కరెంటుకు మూడూ ఇచ్చే వేడి ఒకటే. ఆ వేడి మనిషి దాకా ఎలా వస్తుందన్నదే తేడా.

నేను మొదట కొన్నది ఫ్యాన్ హీటరు, చవక అని. రెండు వేల వాట్లు. వేసిన అయిదు నిమిషాలకు ప్రాణం లేచి వచ్చినట్లు ఉండేది. ఆపిన పది నిమిషాలకు మళ్లీ అదే చలి. కారణం తర్వాత అర్థమైంది. నానమ్మ గదిలాంటి 10 అడుగుల గదిలో ఉన్న గాలంతా తూస్తే 35 కిలోలు దాటదు. దాన్ని వేడి చేయడం ఎంతసేపు? గోడలు మాత్రం టన్నుల బరువు, అవి చల్లగానే ఉండిపోతాయి. నా మంచం వెనక చల్లటి గోడ మీద ఊపిరి తేమంతా చేరి నల్లటి బూజు పట్టింది. పైగా ఆ రొద. నానమ్మ మిక్సీ చప్పుడుకే చెవులు మూసుకుంటుంది.

తర్వాత రాడ్లది, అదే క్వార్ట్జ్ హీటరు. నిజం చెప్పాలంటే నాకు ఇష్టమైనది అదే. ఎర్రగా వెలిగితే మన వాకిట్లో చలిమంట ముందు కూర్చున్నట్లే ఉంటుంది. గాలితో పని లేకుండా వేడి నేరుగా ఒంటి మీద పడుతుంది. అందుకే గది పెద్దదైనా, తలుపు తెరిచి ఉన్నా పనిచేస్తుంది. 400 వాట్ల రాడ్డు ఒక్కటి వేసుకున్నా ఒక మనిషికి చాలు. ముందు వైపు కాలుతుంటే వీపు మాత్రం చల్లగా ఉంటుంది. బాపూ, తెల్లవారుజామున నువ్వు వరండాలో పేపరు చదువుకునే అరగంటకు ఇదే సరైనది, పెద్దన్న చెప్పింది తప్పేమీ కాదు.

కానీ నానమ్మకు వద్దు. కాలి చెప్పు జారిపోయినా తెలియకుండా నడిచి వస్తుంది కదా, షుగరు వల్ల ఆ పాదాలకు స్పర్శ తగ్గింది. చలికి కాళ్లు హీటరు ముందు చాపుతుంది, కాలుతున్నా తెలియదు. పొద్దున బొబ్బ చూసి మనం గాబరా పడతాం. ఆ పుండ్లు ఎంతకీ మానవని మనకు తెలియనిది కాదు. అదీగాక గొంగడి అంచు, చీర కొంగు. హీటరు పడిపోతే దానంతట అది ఆగే స్విచ్ ఉండొచ్చు. గొంగడి దాని మీద పడితే ఆ స్విచ్‌కు తెలియదు.

అందుకని ఆయిల్ హీటరే. ధర ఎక్కువ, బరువు ఎక్కువ, వేడెక్కడానికి అరగంట పడుతుంది. మొదటి రోజు "ఇది పనిచేయడం లేదు" అని అమ్మ తప్పకుండా అంటుంది. లోపలి నూనె మండదు, మార్చనవసరం లేదు. చప్పుడు ఉండదు, వెలుగు ఉండదు, ఆపాక కూడా చాలాసేపు వేడి వదులుతూనే ఉంటుంది. 9 రెక్కలది ఆ గదికి చాలు. 13 రెక్కలది అంటగడతారు, తీసుకోకు. అయితే దీనికి కూడా పాదాలు ఆనించి ఉంచితే కాలుతుంది. మంచం కాళ్ల వైపు వద్దు, కిటికీ కింద, మంచానికి మూడడుగుల దూరంలో పెట్టు. దాని మీద తువ్వాళ్లు ఆరేయనివ్వకు.

వాడే పద్ధతి ఇది. రాత్రి ఎనిమిదిన్నరకు తలుపు మూసి అరగంట 2000 మీద ఉంచు, ఒక యూనిట్. తర్వాత 800కు తగ్గించు. గది హాయిగా అనిపించగానే గుండ్రటి మీటను మెల్లగా వెనక్కి తిప్పు, "టక్" మంటుంది, అక్కడ వదిలెయ్. ఇక అదే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది. గంటకు అర యూనిట్ లోపే. పదింటికి ఆపు, ఆ తర్వాత గొంగడి చూసుకుంటుంది. పొద్దున లేవడానికి గంట ముందు మళ్లీ 800 మీద, అది 0.8. మొత్తం రోజుకు సుమారు 2.2, నెలకు 66 యూనిట్లు. మన డిసెంబరు వాడకం 120 అన్నావు కదా, కలిపితే 186. గృహజ్యోతి 200 లోపే ఉంటుంది. రాత్రంతా వేసి ఉంచితే మాత్రం దాటుతుంది, అప్పుడు బిల్లంతా కట్టాలి. ఇక్కడ యూనిట్ సుమారు 25 పెన్నీలు, మీటరు చూసుకోవడం నాకు అలా అలవాటైంది. ఎండ ఉండగానే నాలుగింటికి కిటికీ మూసేస్తే ఇంకా కలిసొస్తుంది. తలుపు పైన వెంటిలేటరు మాత్రం మూయకు.

అసలు భయం ప్లగ్గు దగ్గరే. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. సెల్‌ఫోను పెట్టే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, దానికి ఓర్చుకోదు. గీజరుకు ఉన్నట్లు లావు పిన్నుల 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు కావాలి. నానమ్మ గదిలో అది ఉన్నట్లు నాకు గుర్తు లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు, పిన్నులు మార్చే అడాప్టరు వద్దు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మెయిన్ బోర్డు నుంచి విడిగా లావు తీగ లాగించు. పెట్టిన మొదటి వారం అరగంటకోసారి ప్లగ్గు పట్టుకుని చూడు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ వాసన వచ్చినా, సాకెట్ రంగు మారినా వెంటనే ఆపు.

డబ్బు నేను పంపుతాను, వద్దనకు. సంక్రాంతికి రాలేనని అమ్మ ఇంకా అలిగే ఉందా? మార్చిలో సెలవు అడిగాను.

నానమ్మ గది స్విచ్ బోర్డు ఫోటో ఒకటి పంపు. ఉత్తరం తనకు చదివి వినిపించేటప్పుడు పాదాల సంగతి కొంచెం మెల్లగా చదువు, కుంపటి సంగతి గట్టిగా.

మీ చిన్నది