విషయం: మీ ఎడిటింగ్ కోర్సులో కీఫ్రేమ్‌ల పాఠం తప్పుగా ఉండటం గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. తిరుపతిలో పెళ్లి వీడియోల స్టూడియో నడుపుతున్నాను. కొత్తగా చేరిన కుర్రాళ్లు నేర్చుకుంటారని మీ తెలుగు ఎడిటింగ్ కోర్సు కొన్నాను. కటింగ్, ఆడియో పాఠాలకు వంక పెట్టను. గొడవంతా కీఫ్రేమ్‌ల పాఠంతోనే.

అందులో 1920×1080 టైమ్‌లైన్‌లో ఫ్రేమ్‌కు సరిపోయే ఫొటో పెట్టి, ఎడమ పక్కనున్న పెళ్లికూతురి మీదికి జూమ్ చేశారు. పొజిషన్ X మొదటి కీఫ్రేమ్ 1వ సెకను దగ్గర 0. స్కేల్ మొదటి కీఫ్రేమేమో 2వ సెకను దగ్గర 100. రెండూ ముగిసేది 5వ సెకను దగ్గరే: X 300, స్కేల్ 150.

ఇలా చేస్తే 2వ సెకనుకల్లా ఫొటో 75 పిక్సెళ్లు కుడికి జరిగిపోతుంది, సైజు మాత్రం ఇంకా పెరగదు. దాంతో ఎడమ అంచున నల్ల పట్టీ బయటపడుతుంది. జూమ్ అందుకుని దాన్ని కప్పేసరికి దాదాపు 3వ సెకను అవుతుంది. చిన్న ప్రివ్యూలో మావాడు గమనించలేదు. తిరుచానూరు కల్యాణమండపంలో ఎల్‌ఈడీ స్క్రీన్ మీద పెళ్లికూతురి తండ్రి చూశారు. ఆయన అడిగిన మాటలు ఇక్కడ రాయను.

రెండు మొదటి కీఫ్రేమ్‌లనూ 1వ సెకను దగ్గరే పెడితే సరిపోయేది. స్కేల్ 150కి చేరేసరికి ఫొటో ఒక్కో పక్క 480 పిక్సెళ్లు ఫ్రేమ్ దాటి ఉంటుంది. మనం జరిపేది 300 కాబట్టి, రెండూ కలిసి కదిలినంతసేపూ అంచు బయటపడదు. కదలిక మెల్లగా మొదలయ్యేలా ఈజ్ ఇన్ పెడితే రెండింటికీ పెట్టాలి. స్కేల్‌కు మాత్రమే పెడితే జూమ్ మొదట్లో వెనకబడి మళ్లీ పట్టీ వస్తుంది. మీ పాఠంలో ఈ ముక్కే లేదు.

పేర్ల టైటిల్‌కు ఒపాసిటీ నేర్పిన తీరూ అంతే. 3వ సెకను దగ్గర 0, 4 దగ్గర 100, 8 దగ్గర 0 అని మూడు కీఫ్రేమ్‌లు పెట్టి, "టైటిల్ వచ్చి, కాసేపు నిలిచి, పోతుంది" అన్నారు. నిలవదండీ! 4వ సెకను నుంచే వెలిసిపోవడం మొదలై, 6 దగ్గరకి సగమే మిగులుతుంది. నిలవాలంటే 7వ సెకను దగ్గర ఇంకో 100 కీఫ్రేమ్ ఉండాలి. పక్కపక్క కీఫ్రేమ్‌ల విలువ ఒకటే అయితేనే కదా సాఫ్ట్‌వేర్ మధ్యలో ఏమీ మార్చకుండా ఉండేది. మొదటిసారి నేర్చుకునేవాడికి ముందు చెప్పాల్సిన మాట అదే.

మీ ప్రాక్టీస్ ఫైల్‌లోనూ ఇవే అంకెలున్నాయి, అంటే నోరు జారి చెప్పిన తప్పు కాదు. పాఠాన్ని, ఫైల్‌ను సరిచేసి, కొన్నవాళ్లందరికీ ఆ సంగతి మెయిల్‌లో తెలియజేయండి. పదిహేను రోజుల్లో ఆ పని జరగకపోతే కోర్సు ఫీజు వాపసు ఇవ్వండి. బిల్లు, ఆ వీడియో క్లిప్పు జతచేస్తున్నాను.

ఇట్లు,
స్టూడియో యజమాని,
తిరుపతి