చెంచా వంచి చూపించిన అక్కకు

అక్కా, ఆ రోజు మా అంగన్‌వాడీలో మీ పేరు అడగడం మర్చిపోయాను. మా బాబుకి ఏడు నెలలు నిండాయి. గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతో గంజి, పప్పు మీది తేట మాత్రమే పట్టేదాన్ని. కడుపు నిండేది కానీ బరువు పెరగలేదు.

మీరు రెండు గిన్నెలు పెట్టి చెంచా వంచారు. తేట జారిపోయింది. మెత్తగా మెదిపిన పెసరపప్పు అన్నం చెంచాకే అంటుకుని నిలిచింది. "జారితే నీళ్లు, నిలిస్తే తిండి" అని మా అందరితో నాలుగుసార్లు అనిపించారు. నవ్వొచ్చింది కానీ, ఇప్పుడు మా అత్తమ్మ కూడా అదే అంటోంది!

అందులోనే ఉడికించిన మునగాకు మెదిపి, కాస్త నెయ్యి కలిపి పెడుతున్నాను. మొదట ఉమ్మేశాడు. మీరన్నట్టే బలవంతం చేయకుండా మర్నాడు మళ్లీ పెట్టాను. నా పాలు మాన్పించలేదు. మొన్న తూకం వేస్తే కార్డులో గీత పైకి కదిలింది. చాలా థాంక్స్ అక్కా.