మాన్యువల్ టెస్టర్ ఇంటర్వ్యూలో ఫ్రెషర్లను అడిగే ప్రశ్నలు

గ్రూప్ సభ్యులకు నమస్కారం. మాన్యువల్ టెస్టర్ ఇంటర్వ్యూలో నిర్వచనాలు అడిగాక, తరచుగా ఒక చిన్న ఫీల్డ్ చెప్పి దాన్ని ఎలా పరీక్షిస్తారని అడుగుతారు.

ఉదాహరణకు, “వయసు ఫీల్డ్ 18 నుంచి 60 వరకు పూర్ణసంఖ్యలనే తీసుకోవాలి. ఏయే విలువలతో పరీక్షిస్తారు?” అన్న ప్రశ్నకు ఇలా జవాబివ్వవచ్చు: “పొరపాట్లు ఎక్కువగా హద్దుల దగ్గర దొర్లుతాయి కనుక 17, 18, 19, 59, 60, 61 ఇస్తాను. 17, 61లను ఫీల్డ్ తిరస్కరించాలి, మిగిలిన నాలుగింటినీ అంగీకరించాలి. కోడ్‌లో `>=` ఉండవలసిన చోట `>` పడితే 18 చెల్లకుండా పోతుంది. 35తో మాత్రమే పరీక్షించినవారికి ఆ లోపం కనిపించదు. తరువాత ఫీల్డ్‌ను ఖాళీగా వదిలి, అక్షరాలు, 18.5 కూడా ఇచ్చి చూస్తాను.” ఖాళీగా వదిలితే ఏం జరగాలో ప్రశ్నలో లేదు కాబట్టి, అది తప్పనిసరి ఫీల్డేనా అని ఎదురు అడగడం మంచిది, నా ఉద్దేశంలో మార్కులు అక్కడే పడతాయి.

సివియారిటీ, ప్రయారిటీల తేడా అడిగితే నిర్వచనంతో ఆగవద్దు. “హోమ్ పేజీలో కంపెనీ పేరు తప్పుగా ఉంటే పనికి ఆటంకం లేదు కనుక సివియారిటీ తక్కువ, కానీ అందరి కంటా పడుతుంది కనుక ప్రయారిటీ ఎక్కువ. అరుదుగా వాడే పాత రిపోర్టు తెరవగానే అప్లికేషన్ క్రాష్ అయితే దీనికి తారుమారు” అని చెప్పండి.

డెవలపర్ “ఇది బగ్ కాదు” అంటే ఏం చేస్తారన్నది మరో ప్రశ్న. “అదే బిల్డ్‌లో మళ్లీ పరీక్షించి, స్టెప్పులు, స్క్రీన్‌షాట్, రిక్వైర్‌మెంట్‌లోని సంబంధిత వాక్యం జతచేస్తాను, అప్పటికీ తేలకపోతే టెస్ట్ లీడ్ దృష్టికి తీసుకెళ్తాను” అంటే సరిపోతుంది.