బ్యాచ్ ప్రాజెక్టులో అందరికీ ఒకే మార్కులా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మన విశాఖపట్నంలోని ఇంజనీరింగ్ కళాశాలల్లో చివరి ఏడాది ప్రాజెక్టును సాధారణంగా నలుగురైదుగురు విద్యార్థులు ఒక బ్యాచ్‌గా చేస్తారు. గైడ్‌కు కనిపించేది రివ్యూ రోజు చూపే స్లైడ్లు, చివరికి బైండింగ్ అయి వచ్చే రిపోర్టు మాత్రమే. వాటి వెనుక ఎవరు కష్టపడ్డారో, ఎవరు పేరు మాత్రం చేర్పించుకున్నారో తోటి విద్యార్థులకే తెలుసు, కానీ మార్కులు వేసేటప్పుడు వారిని అడిగేవారు లేరు. ఒక అధ్యాపకుడిగా ఏటా చూస్తున్న ఈ అన్యాయాన్ని ఒక చిన్న ఫారంతో చాలావరకు సరిదిద్దవచ్చని నా నమ్మకం.

ఆ ఫారంలో విద్యార్థి మొదట తాను చేసిన పనిని రాయాలి. తర్వాత, నలుగురి బ్యాచ్ అయితే, మిగిలిన ముగ్గురికి మొత్తం 30 పాయింట్లు పంచి, ఒక్కొక్కరి పక్కన ఏ పనికి ఎన్ని ఇచ్చాడో ఒక వాక్యంలో చెప్పాలి. మొత్తం సరిగ్గా 30 కావాలన్న నియమమే ఇందులో కీలకం. అందరికీ ధారాళంగా వేసే విద్యార్థికీ, పిసినారిగా వేసే విద్యార్థికీ మధ్య తేడా దానితో పోతుంది.

మద్దిలపాలెం కూడలిలో వాహన రద్దీపై నలుగురు సివిల్ విద్యార్థులు ప్రాజెక్టు చేశారని, దానికి గైడ్ 50కి 36 మార్కులు వేశారని అనుకుందాం. మొదటి విద్యార్థి ఉదయం 8 నుంచి 11 వరకు కూడలిలో నిలబడి పావుగంటకో షీటు చొప్పున వాహనాలు లెక్కపెట్టాడు. రెండో విద్యార్థిని ఆ లెక్కలను పట్టికలుగా, గ్రాఫులుగా మార్చింది. మూడో విద్యార్థిని రిపోర్టు రాసింది. నాలుగో విద్యార్థి రివ్యూలకు మాత్రం వచ్చాడు. ముగ్గురు తోటివారి నుంచి వీరికి వరుసగా 37, 34, 32, 17 పాయింట్లు వచ్చాయనుకుందాం. ఎవరికి వచ్చినదాన్ని 30తో భాగిస్తే అది వారి గుణకం. గైడ్ వేసిన 36లో సగం, అంటే 18, అందరికీ సమానంగా ఉంచి, మిగిలిన 18ని గుణకంతో హెచ్చిస్తే మార్కులు 40.2, 38.4, 37.2, 28.2 అవుతాయి. నాలుగూ కలిపితే పాత పద్ధతిలో వచ్చే 144 మార్కులే. పంపకం మాత్రం మారింది. సగం సమానంగా ఉంచమనడానికి కారణం, తోటివారి అంచనా కూడా పొరబడవచ్చు కనుక ఒక విద్యార్థి భవిష్యత్తు పూర్తిగా దాని మీదే ఆధారపడకూడదు.

తన గురించి తాను రాసుకున్నదాన్ని మార్కుల్లో కలపకూడదు. కలిపితే ప్రతివారూ తమకే ఎక్కువ వేసుకుంటారు. దాని ఉపయోగం వేరు. నాలుగో విద్యార్థి "వాహనాల లెక్క నేనే చేశాను" అని రాసి, మిగిలిన మూడు ఫారాల్లో ఆ మాటే లేకపోతే, అతన్ని పిలిచి ఆ షీట్లు చూపమని గైడ్ అడగవచ్చు.

ఈ పద్ధతి చెడిపోయే దారులూ నాకు తెలుసు. మొదటిది మన మొహమాటం. "మనలో మనకెందుకు" అనుకుని అందరికీ పదేసి వేసేస్తే ఫారం ఉన్నా లేనట్టే. అందుకే దాన్ని హాస్టల్ గదిలో కలిసి కూర్చుని కాకుండా, ల్యాబ్‌లో విడివిడిగా నింపించాలి, ఎవరు ఎంత వేశారో గైడ్ తప్ప ఎవరూ చూడకూడదు. రెండోది జట్టు కట్టడం. ఇద్దరు మాత్రమే ఒకరికొకరు ఎక్కువ వేసుకుని, మిగిలినవారు ఆ ఇద్దరికీ తక్కువ వేస్తే అది వెంటనే తెలుస్తుంది; పాయింట్ల పక్కన రాసిన వాక్యాల్లో పని పేరు లేకపోవడం ఇంకో గుర్తు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మూడోది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి ఎండలో నిలబడి లెక్కపెట్టినా రివ్యూలో నోరు విప్పడు. ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడేవారికే పేరు వస్తుంది. కొన్ని బ్యాచ్‌లలో ఒకరికి అసలు పనే అప్పగించరు, ఆ తర్వాత పని చేయలేదంటారు. అందుకే ఫారం "బాగా సహకరించాడా" అని అడగకుండా "ఏ పని, ఏ వారంలో, ఎక్కడ కనిపిస్తుంది" అని అడగాలి. మొదటి రివ్యూకే మార్కులు లేకుండా ఒకసారి నింపిస్తే, తక్కువ పాయింట్లు వచ్చిన విద్యార్థితో గైడ్ మాట్లాడి, పని ఎగ్గొడుతున్నాడా, పని దొరకలేదా తేల్చుకునే వ్యవధి ఉంటుంది. బ్యాచ్ మొత్తం కలిసి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కుంటే మాత్రం ఈ ఫారం ఏమీ చేయలేదు. దాన్ని వైవాలోనే పట్టుకోవాలి.

ఇంజనీరింగ్ కోర్సుల నాణ్యతను పరిశీలించే ఎన్.బి.ఏ. గుర్తింపు కోసం కళాశాలలు చూపాల్సిన ఫలితాల్లో బృందంతో కలిసి పనిచేయగలగడం కూడా ఒకటి. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఇంటర్నల్ మార్కులకు ఈ ఫారాన్ని జతచేయాలని, 0.7 కంటే తక్కువ గుణకం వచ్చిన విద్యార్థి వాదన విన్న తర్వాతే మార్కులు ఖరారు చేయాలని విశ్వవిద్యాలయ అధికారులను, స్వయంప్రతిపత్తి గల కళాశాలల యాజమాన్యాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఇంజనీరింగ్ అధ్యాపకుడు,
విశాఖపట్నం