టెండరులో ‘క్యాట్ 6’ అని రాస్తే సరిపోదు

సంపాదకునికి,

నమస్కారం. పాఠశాలల్లో, గ్రంథాలయాల్లో, కార్యాలయాల్లో పైకప్పుకు బిగించే కెమెరాలకూ వైఫై యాక్సెస్ పాయింట్లకూ ఇప్పుడు విడిగా కరెంటు ప్లగ్గు పెట్టడం తగ్గింది. నెట్‌వర్క్ కేబుల్ గుండానే డేటాతో పాటు విద్యుత్తు కూడా అందుతోంది. దీన్నే పీఓఈ అంటున్నారు. పద్ధతి మంచిదే. చిక్కల్లా కొనుగోలు పత్రంలో ‘క్యాట్ 6 కేబుల్, ఇన్ని మీటర్లు’ అని మాత్రమే రాసి, లోపలి తీగ ఏ లోహమో, ఎంత లావో, అందులోని నాలుగు జతల తీగల్లో ఎన్ని జతల మీద విద్యుత్తు నడుస్తుందో రాయకుండా వదిలేయడంలో ఉంది.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కూర్చునే ఒక పఠన మందిరంలో ఇటీవల నాకు ఎదురైన సంగతి చెబుతాను. అక్కడి యాక్సెస్ పాయింట్ పొద్దున బాగానే పనిచేసేది. సాయంత్రం హాలు నిండి వాడకం పెరిగేసరికి ఆగి, మళ్లీ దానంతట అదే మొదలయ్యేది. పరికరాన్ని రెండుసార్లు మార్చినా ఫలితం లేదు. చివరికి ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తి, కేబుల్ కొస కోసి, తీగను బ్లేడుతో గీకి చూస్తే రాగి రంగు పొర కింద తెల్లటి లోహం బయటపడింది. అది రాగి పూత వేసిన అల్యూమినియం తీగ. మందం సుమారు 0.4 మిల్లీమీటర్లు. కేబుల్ పొడవు 80 మీటర్లు.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి అవసరం. ఆ యాక్సెస్ పాయింట్‌కు పూర్తి పనిలో 25 వాట్లు కావాలి. కేబుల్‌లోకి డేటానూ విద్యుత్తునూ పంపే నెట్‌వర్క్ స్విచ్ 2009 నాటి 802.3at అనే పీఓఈ ప్రమాణానిది, ఒక్కో పోర్టుకు 30 వాట్లు, కనీసం 50 వోల్టుల వద్ద, రెండు జతల మీద పంపుతుంది. 24 గేజ్, అంటే 0.51 మిల్లీమీటర్ల అసలు రాగి తీగ అయితే, 80 మీటర్లకు రానుపోను నిరోధం దాదాపు 7 ఓములు. దారిలో పోయేది రెండు వాట్లే. మా అల్యూమినియం తీగలో అదే నిరోధం 17 ఓములకు చేరింది. పైన 25 వాట్లు అందాలంటే కింద స్విచ్ 32 వాట్లు పంపాలి, అది 30కి మించి ఇవ్వదు. అందుకే వాడకం తక్కువగా ఉన్నంతసేపు పరికరం నడిచింది, పెరగగానే పడిపోయింది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఆగిపోయే కెమెరాల విషయంలోనూ ముందుగా కేబుల్‌ను అనుమానించడం మంచిది. వేసవిలో స్లాబు కింద వేడికి తీగ నిరోధం ఇంకో పదో వంతు పెరుగుతుందని కూడా మరవకూడదు.

జతల సంఖ్య విషయానికి వస్తే, 2018లో వచ్చిన 802.3bt ప్రమాణం నాలుగు జతల మీదా విద్యుత్తు పంపనిస్తుంది. విద్యుత్తు నడిచే జతలు రెట్టింపయితే నిరోధం సగమవుతుంది. అయితే స్విచ్, పరికరం రెండూ ఆ ప్రమాణానివే అయి ఉండాలి. నాలుగు జతల్లో రెండింటిని ఒక కెమెరాకు, మిగతా రెండింటిని ఇంకో కెమెరాకు పంచి కేబుల్ ఆదా చేశామనుకునేవారు ఈ అవకాశాన్నీ, గిగాబిట్ వేగాన్నీ కూడా పోగొట్టుకుంటారు. ఇంకా కొందరు ఖాళీ జతల మీద అడాప్టరు 12 వోల్టులను నేరుగా పంపుతున్నారు. మంచి రాగి తీగ మీద కూడా, 80 మీటర్ల అవతల 12 వోల్టులతో అందగలిగే గరిష్ఠం అయిదు వాట్ల పైచిలుకే. పది వాట్ల కెమెరా దాని మీద ఎలా నిలుస్తుంది?

సరుకు దిగినప్పుడే దీన్ని కనిపెట్టవచ్చు. 305 మీటర్ల పెట్టెలో ఒక జత తీగల రెండు కొసలను ఒక చివర కలిపి మెలిపెట్టి, రెండో చివర మల్టీమీటర్ పెట్టి ఓములు చూడాలి. 24 గేజ్ రాగి అయితే 51 దగ్గర చూపిస్తుంది, 57 దాటకూడదు. అదే లావున్న అల్యూమినియం తీగ అయితే 80 దాకా వెళుతుంది. ఇది అయిదు నిమిషాల పని, ఇంజినీరే చేయనవసరం లేదు. పెట్టె మీది ముద్రను చూసి సంతకం పెట్టేకన్నా ఇది నయం.

కాబట్టి పురపాలక సంఘాలూ విద్యాశాఖా తమ టెండరు పత్రాల్లో ‘గట్టి ఒంటి తీగ, పూర్తి రాగి, 23 లేదా 24 గేజ్, నాలుగు జతలూ రెండు కొసల దాకా కలిపినది’ అని రాయాలనీ, బిగించిన ప్రతి కేబుల్‌కూ ఓముల కొలతను బిల్లుతో జతచేస్తేనే సొమ్ము చెల్లించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పఠన మందిరంలో కేబుల్ మార్చాక పాత యాక్సెస్ పాయింటునే తిరిగి బిగించారు. అది ఇప్పుడు ఆగడం లేదు.

ఇట్లు,
విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి అయిన ఒక పాఠకుడు