ఫొటోలో నిలబెట్టిన బళ్ళు ఎలా పోయాయో కూడా రాయండి

సంపాదకుల గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో వచ్చిన ఫొటో చూశాను. స్టేషన్ ముందు బళ్ళు వరసగా పెట్టి, వెనక పోలీసులు, పక్కన ముసుగులేసిన ఇద్దరు కుర్రాళ్ళు, కింద పదకొండు బళ్ళు స్వాధీనం అని వార్త. ఇలాంటిది తరచూ చూసేదే కానీ నేను టూవీలర్ మెకానిక్‌ని కదా, నా చూపు దొంగల మీదికి కాకుండా బళ్ళ మీదికి పోయింది. పదకొండింటిలో తొమ్మిది వంద, నూట పది సీసీ బళ్ళే, ముందు చక్రానికి డిస్క్ లేనివే, చూస్తుంటే ఏడెనిమిదేళ్ళు వాడినట్టున్నాయి. వాటి విలువ ఎన్ని లక్షలో రాశారు, అవి ఎలా పోయాయో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆ ముక్క కోసమే ఈ ఉత్తరం.

"హ్యాండిల్ లాక్ వేశాను అన్నా, అయినా పోయింది" అంటూ నా షాపుకి వచ్చేవాళ్ళని పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాను. పాపం నిజమే, వేసే ఉంటారు. హ్యాండిల్ లాక్ అంటే లోపల చిటికెన వేలు కన్నా సన్నగా ఉండే ఒక చిన్న ముక్క, అంతే. దాన్ని ఎలా విరుస్తారో ఇక్కడ రాయను గానీ, దొరికిన బళ్ళు నా దగ్గరికి రిపేరుకి వస్తుంటాయి కాబట్టి చెప్తున్నా, అది ఒక్క నిమిషం కూడా ఆపదు. పాత బళ్ళకైతే అంత శ్రమ కూడా అక్కర్లేదు. మా కస్టమర్ ఒకాయన పెళ్ళికి వెళ్ళి, ఫంక్షన్ హాల్ బయట తన బండి అనుకుని వేరే వాళ్ళ బండి స్టార్ట్ చేసుకుని ఇంటికొచ్చేశాడు. అదే మోడల్, అదే నలుపు. ఈయన తాళం చెవితోనే అది స్టార్ట్ అయింది. పొద్దున్న నంబర్ ప్లేట్ చూసుకుని పరుగెత్తుకెళ్ళి ఇచ్చొచ్చాడు, అది వేరే సంగతి. చెవి అరిగి, లాకు లోపల పలకలు కూడా అరిగాక జరిగేది ఇదే. మీ బండి తాళం ఆన్‌లో ఉండగానే చెవి బయటికి వచ్చేస్తుందా? అయితే లాక్ సెట్ మార్చే టైమ్ వచ్చినట్టే, అదేమీ పెద్ద ఖర్చు కాదు.

బండి ఎత్తుకెళ్ళడానికి దారులు మూడే. స్టార్ట్ చేసుకుని పోవడం, స్టార్ట్ చెయ్యకుండా తోసుకుపోవడం (ఇంకో బండి మీద కూర్చున్నవాడు కాలితో నెడుతూ పోవడం రోడ్డు మీద అందరూ చూసే ఉంటారు, పెట్రోల్ అయిపోయిందేమో పాపం అనుకుని మనమే దారిస్తాం కూడా), మూడోది ఇద్దరు కలిసి ట్రాలీ ఆటోలోకి ఎత్తేయడం. షాపులో ఏ సామాను కొన్నా ఈ మూడింటిలో ఇది దేన్ని ఆపుతుంది అని అడగండి. అన్నిటినీ ఆపుతుంది అని చెప్పాడంటే వాడు అమ్ముకోడానికి చెప్తున్నాడు.

డిస్క్ లాక్ రెండో దాన్ని ఆపుతుంది, చక్రం తిరగనివ్వదు కాబట్టి మొదటిది కూడా చాలావరకు ఆగుతుంది. అయితే కొనేముందు డిస్క్‌కి ఉన్న రంధ్రాలు ఎంత వెడల్పో చూసుకోండి. పిన్ను పది మిల్లీమీటర్లు ఉండే లావు లాకులు మన చిన్న బళ్ళ డిస్క్‌లో చాలాసార్లు దూరవు, ఐదారు మిల్లీమీటర్ల పిన్ను ఉన్నదే పడుతుంది. ఆన్‌లైన్‌లో కొని, పట్టక, డిక్కీలో పడేసుకుని తిరిగేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వేసేటప్పుడు డిస్క్‌ని రెండు పక్కలా పట్టుకుని బ్రేక్ వేసే కాలిపర్‌కి ఆనుకునేలా వెయ్యండి, ఎందుకంటే మర్చిపోయి బండి కదిలించినా వేగం అందుకోకముందే చక్రం ఆగిపోతుంది. దూరంగా వేస్తే చక్రం కొంత తిరిగి, అప్పుడు లాకు వచ్చి కాలిపర్‌కి గట్టిగా కొడుతుంది. డిస్క్ వంకరపోయి, కాలిపర్ బ్రాకెట్ విరిగి, మనిషి కూడా పడి మోకాళ్ళు కొట్టుకుని వచ్చిన కేసులు నా దగ్గర దొంగతనం కేసుల కన్నా ఎక్కువే. అందుకే లాకుతో పాటు స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని ఒక రంగు వైరు ఇస్తారు, దాన్ని హ్యాండిల్‌కి తగిలించాలి. చూడ్డానికి బాగోదని దాన్ని పారేసేవాళ్ళే ఎక్కువ.

మరి ఫొటోలో ఉన్న ఆ తొమ్మిది బళ్ళ సంగతి? డ్రమ్ బ్రేక్‌కి డిస్క్ లాక్ ఎక్కడ వేస్తారు? వాటికి గొలుసే గతి. గొలుసు అంటే హెల్మెట్‌కి వేసుకునే ప్లాస్టిక్ తొడుగు వైరు కాదండీ, అది కటింగ్ ప్లేయర్‌కి తెగుతుంది. వేలు లావు లింకులున్న గట్టి గొలుసు కావాలి. దాన్ని వెనక చక్రంలోంచి, బండి ఫ్రేమ్‌లోంచి దూర్చి, నేలకి తగలకుండా బిగించాలి. నేల మీద పడుంటే దాన్నే ఆనించి సుత్తితో కొట్టడం తేలిక. ముందు చక్రం ఒక్కటే కట్టేస్తే చక్రం మనకి వదిలేసి మిగతాది పట్టుకుపోతారు!

ఇమ్మొబిలైజర్ మాట ఈమధ్య అందరి నోటా వినిపిస్తోంది కాబట్టి ఒక్కటి చెప్పాలి. అసలైన ఇమ్మొబిలైజర్‌లో తాళం చెవి లోపల చిన్న చిప్ ఉంటుంది, లేదా జేబులో పెట్టుకునే స్మార్ట్ కీ ఉంటుంది. దాని కోడ్ అందితేనే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్రోల్, కరెంటు వదులుతుంది. వైర్లు కలిపినా ఇంజిన్ అందుకోదు. షోరూంలోనో బయట యాక్సెసరీస్ షాపులోనో 'సెక్యూరిటీ సిస్టమ్' అని బిగించేది చాలాసార్లు ఇది కాదు, ఒక సైరన్, ఒక రిలే, ఒక రిమోట్. అది పనికిరాదని కాదు గానీ, దానికోసం కంపెనీ వైరింగ్ కోసి అతుకులేస్తారు, తర్వాత వర్షాకాలంలో బండి మధ్యలో ఆగిపోతే ఆ అతుకులు వెతకడం నా పని అవుతుంది. మీ బండికి నిజంగా ఇమ్మొబిలైజర్ ఉందో లేదో తెలుసుకోడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. రోడ్డు పక్క చెవులు కోసేవాడి దగ్గర మామూలు డూప్లికేట్ చేయించండి. దాంతో ఇంజిన్ స్టార్ట్ అయిందా, ఇమ్మొబిలైజర్ లేనట్టే. ఉన్నా సరే, అది స్టార్ట్ చెయ్యనివ్వదు తప్ప ట్రాలీ ఎక్కించడాన్ని ఏమీ చెయ్యలేదు.

ఇక జీపీఎస్. కిందటి సంక్రాంతికి జరిగింది చెప్తాను. మా వీధిలో ఒకబ్బాయి కొత్త బండికి ట్రాకర్ పెట్టించుకున్నాడు. సెల్లార్‌లో బండి పెట్టి పన్నెండు రోజులు ఊరెళ్ళాడు. తిరిగొచ్చాక బండి ఉంది గానీ సెల్ఫ్ కొట్టట్లేదు, దానికి కిక్ కూడా లేదు. ట్రాకర్‌ది తప్పు అని గొడవకి వచ్చాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. అతని బ్యాటరీ నాలుగు ఆంపియర్ అవర్లది. ట్రాకర్ ఊరికే ఉన్నా పదిహేను మిల్లీ ఆంపియర్లు లాగుతుంది అనుకుంటే, ఇరవై నాలుగు గంటలకి 0.36 ఆంపియర్ అవర్లు, పన్నెండు రోజులకి 4.32. అంటే నిండు బ్యాటరీ కూడా చాలదు. సగానికి పడిపోతేనే సెల్ఫ్ మొరాయిస్తుంది కాబట్టి ఆరో రోజుకే పని అయిపోయి ఉంటుంది. బ్యాటరీ చచ్చాక ట్రాకర్ లోపలున్న చిన్న బ్యాటరీ కూడా ఎక్కువసేపు రాదు, ఇక ఆ బండి ఎవరు తీసుకెళ్ళినా ఫోన్‌కి కబురు రాదు. పైగా సెల్లార్‌లో శాటిలైట్ సిగ్నల్ అందదు, బండి బయటికొచ్చాకే అది మళ్ళీ దారి పట్టుకుంటుంది. ఎక్కువ రోజులు ఊరెళ్తుంటే ఎవరితోనైనా నాలుగైదు రోజులకోసారి బండి ఓ పావుగంట నడిపించండి.

ట్రాకర్‌లో మ్యాప్ కన్నా ముఖ్యం వైరు తెగగానే మోగే అలర్ట్. అది ఉందో లేదో చూసి కొనండి, ఉంటే ఒకసారి వైరు పీకించి ఫోన్ మోగుతుందో లేదో అక్కడే చూసుకోండి. రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకునేవాళ్ళు ఆ ఒక్క యాప్‌కి మాత్రం సౌండ్ వదలండి. లోపల సిమ్ ఉంటుంది, దానికి ఏడాదికోసారో మరెప్పుడో రీచార్జ్ ఉంటుంది, అది అయిపోయిన సంగతి బండి పోయిన రోజు తెలిసినవాళ్ళూ ఉన్నారు. మ్యాప్‌లో చుక్క కనపడుతోంది కదా అని కుర్రాళ్ళని వేసుకుని వెళ్ళిపోకండి. 112కి ఫోన్ చేసి, ఆ చుక్క పోలీసులకి చూపించండి.

ఇన్సూరెన్స్ సంగతి వేరే ఉత్తరం రాయాల్సినంత ఉంది, ఒక్క ముక్కతో వదిలేస్తాను. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండి కొంటే ఐదేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి. మనవాళ్ళు దాన్ని 'ఐదేళ్ళ ఇన్సూరెన్స్' అనుకుంటారు. దొంగతనానికి డబ్బులొచ్చేది మన సొంత బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ నుంచి, అది మామూలుగా మొదటి ఏడాదికే కట్టి ఉంటుంది. రెండో ఏడాది బండి పోయి, పాలసీ కాగితంలో ఇంకా మూడేళ్ళు ఉన్నాయి కదా అని వెళ్ళి ఉత్త చేతులతో వచ్చిన మనిషిని నా షాపు బెంచీ మీద కూర్చోబెట్టి టీ తాగించాను, అంతకన్నా ఏం చెయ్యగలను. క్లెయిమ్‌కి రెండు చెవులూ అడుగుతారు, కాబట్టి రెండోది ఎక్కడుందో ఈరోజే వెతికి పెట్టుకోండి. కిళ్ళీ కొట్టు దగ్గర రెండు నిమిషాలే కదా అని బండికే చెవి వదిలేసేవాళ్ళకి అక్కడ కూడా చిక్కే.

ఇంతా చెప్పాక ట్రాలీలోకి ఎత్తేవాడిని ఏది ఆపుతుంది అంటే, బండిని కదలని దేనికైనా కట్టేయడం ఒక్కటే. ఇంట్లో అయితే గేటు కమ్మికో, గోడలో దించిన ఇనుప రింగుకో కట్టొచ్చు. మార్కెట్ దగ్గర, బస్టాండ్ దగ్గర, ఆస్పత్రి దగ్గర దేనికి కట్టాలి? పార్కింగ్‌లో డబ్బు తీసుకుని చీటీ ఇస్తారు, వెనక 'వాహనం పోయినచో మాకు సంబంధం లేదు' అని ఉంటుంది, గొలుసు బిగించడానికి ఒక్క కడ్డీ ఉండదు. మోకాలెత్తున ఒక ఇనుప పైపు, ఆరడుగులకొక కాలు, కాళ్ళు అడుగున్నర లోతున సిమెంటులో దించితే చాలు. అలాంటి పైపు పొడవునా ఇరవై బళ్ళు కట్టుకోవచ్చు. మా వెల్డింగ్ అతను ఒక్క పూట పని అన్నాడు.

కాబట్టి రెండు అడుగుతున్నాను. డబ్బు తీసుకునే ప్రతి పార్కింగ్‌లో ఈ పైపు ఉండాలని పాట పాడే టెండర్ షరతుల్లోనే మున్సిపాలిటీ రాయాలి. మీరు తర్వాత బళ్ళ దొంగల వార్త వేసేటప్పుడు ఏ బండి ఎక్కడ పెట్టి ఉండగా పోయింది, దానికి హ్యాండిల్ లాక్ తప్ప ఇంకేమైనా ఉందా అని ఎస్సై గారిని అడిగి రెండు లైన్లు కలపండి. ఫొటో కాస్త చిన్నదైనా ఫర్వాలేదు.

ఇట్లు,
ఒక టూవీలర్ మెకానిక్,
తెనాలి