160 అడుగుల గోడకు 240 అడుగుల మట్టి ఎందుకు?

“గోడ 160 ఘనపు అడుగులే కదా, 240 అడుగుల మట్టికి బిల్లు వేశారేమిటండీ?” అమలాపురం వైపు ఇల్లు కట్టుకుంటున్న ఒక కస్టమరు అడిగిన ప్రశ్న ఇది. అందరికీ ఉపయోగపడుతుందని జవాబు ఇక్కడే రాస్తున్నాను.

వారిది మట్టిని చెక్కల మధ్య పోసి దిమ్మిసతో కొట్టి కట్టే గోడ: 20 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు, అడుగు మందం. 4×5 కిటికీ తీసేస్తే 160 ఘనపు అడుగులు మిగులుతాయి. అయితే అది దిమ్మిసతో కొట్టాక ఉండే కొలత. మా మిశ్రమాన్ని చెక్కల మధ్య 6 అంగుళాల మందాన పోస్తే, కొట్టేసరికి 4 అంగుళాలకు దిగుతుంది. అంటే పోసే మట్టి గోడకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. 240 అడుగులు అలా వచ్చినవే.

ఈ ఒకటిన్నర అన్ని మట్టులకూ వర్తించదు. కోనసీమ నల్లమట్టి ఎండితే బాగా కుంచించుకుని పగుళ్లిస్తుంది కాబట్టి, మేము మెట్ట నుంచి తెచ్చిన గ్రావెల్‌లో గోదావరి ఇసుక కలుపుతాం. ఆ ఇసుక చెమ్మగా ఉంటే పొంగి, అదే బరువుకు ఎక్కువ చోటు పడుతుంది. అందుకే ఘనపు అడుగుల లెక్క ట్రక్కు ట్రక్కుకూ మారుతుంది. తడి తీసేసి చూసిన బరువు మాత్రం మారదు.

కాబట్టి ఇకపై మా కొటేషన్లు బరువులోనే ఇస్తాం. మా మిశ్రమం సరిగా బిగిస్తే, పొడి లెక్కన ఘనపు అడుగుకు సుమారు 52 కిలోలు తూగుతుంది. 160 అడుగులకు 8,320 కిలోలు. ఇందులో సిమెంటు వాటా, పొడి మట్టి బరువులో 8 శాతం. 8,320ని 1.08తో భాగిస్తే మట్టి సుమారు 7,704 కిలోలు, మిగతా 616 కిలోలు సిమెంటు. బస్తాల్లో పన్నెండుకు కాస్త పైన, కనుక 13 తెప్పిస్తాం.

8 శాతాన్ని తట్టలతో కొలవనివ్వకండి. 50 కిలోల బస్తాకు 625 కిలోల పొడి మట్టి. మట్టిలో 10 శాతం తడి ఉంటే కాటా మీద అది దాదాపు 690 చూపిస్తుంది. ఆ తేడా మరిచి 625 దగ్గరే ఆపితే సిమెంటు అనవసరంగా ఎక్కువ పడుతుంది.

పని చివర మట్టి మిగిలితే లాభమనుకోకండి. వరస 4 అంగుళాలకు బదులు నాలుగున్నర దగ్గరే ఆగిపోతే 213 అడుగులతోనే గోడ నిండుతుంది. మిగిలిన 27 అడుగుల మట్టి గోడలోకి వెళ్లాల్సినదే. అలాంటి గోడ వేలితో రుద్దితే రాలుతుంది, వాన జల్లుకు అంచులు కరుగుతాయి. మట్టి మరీ పొడిగా ఉన్నా, మరీ తడిగా ఉన్నా, దెబ్బలు చాలకపోయినా ఇలాగే జరుగుతుంది.

పని జరిగేటప్పుడు మీరే టేపు పట్టండి. వరస 4 అంగుళాలకు దిగకపోతే పైవరస పోయకముందే మేస్త్రీకి చెప్పండి. సిమెంటు కలిపిన మట్టి గంట దాటితే గట్టిపడడం మొదలవుతుంది కనుక, ఆలోపే మళ్లీ కొట్టాలి. అందుకు అదనపు కూలి తీసుకోము. ఇప్పటికే ఇచ్చిన కొటేషన్ల ధరలు మారవు.